దూడ పరుగు: ఒక్క బటన్ గేమ్ ప్రాజెక్టు డైరీ

శనివారం: దూకు ఒక్కటే చేతిలో ఉంది

గేమ్ పేరు ప్రస్తుతానికి ‘దూడ పరుగు’. తాడు తెంపుకున్న దూడ పొలం గట్ల మీద ఆగకుండా పరుగెడుతూ ఉంటుంది. దారిలో కాలువలు, కంచెలు, గడ్డి కుప్పలు వస్తాయి. ఆడేవాళ్లు చేయగలిగింది ఒక్కటే. స్క్రీన్ మీద ఎక్కడ నొక్కినా దూడ దూకుతుంది. కొద్దిగా నొక్కి వదిలేస్తే చిన్న దూకు, నొక్కి పట్టుకుంటే పెద్ద దూకు. గోడో 4 ఇంజిన్‌లో కడుతున్నాను. దూడ ఇంకా గోధుమ రంగు డబ్బానే, కాలువ నీలం డబ్బానే. లూప్ కుదిరేదాకా బొమ్మల జోలికి పోను. డబ్బాలతో ఆడినప్పుడు మళ్లీ ఆడాలనిపించకపోతే, అందమైన బొమ్మలు పెట్టినా ఆ కోరిక రెండు రోజులకు మించి ఉండదు.

లూప్ అంటే ఇక్కడ చాలా చిన్న చక్రం. పరుగు, దూకు, ఔట్, మళ్లీ పరుగు. కొత్తవాళ్లకు ఇదంతా ఇరవై సెకన్లలో అయిపోతుంది. అందుకే మొదటి రోజంతా దూకు మీదే పెట్టాను.

దూకు ఎత్తు 180 పిక్సెళ్లు కావాలనుకున్నాను. పైకి చేరడానికి 0.36 సెకన్లు. ఈ రెండూ ముందు తేల్చుకుంటే గురుత్వం, తొలి వేగం వాటంతట అవే వస్తాయి. గురుత్వం అంటే రెండింతల ఎత్తుని సమయం వర్గంతో భాగించడం, అంటే సుమారు 2778. తొలి వేగం రెండింతల ఎత్తుని సమయంతో భాగించడం, అంటే సరిగ్గా 1000. కిందికి దిగేటప్పుడు గురుత్వాన్ని ఒకటిన్నర రెట్లు చేశాను. అప్పుడు దిగడానికి 0.29 సెకన్లే పడుతుంది. ఎక్కినంత నెమ్మదిగా దిగితే దూడ బెలూన్‌లా తేలుతున్నట్టు కనిపిస్తుంది, ఆడేవాళ్లు నేల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. మొత్తం మీద పెద్ద దూకుకు గాల్లో 0.65 సెకన్లు. త్వరగా వేలు తీస్తే పైకి వెళ్లే వేగాన్ని అక్కడికక్కడే 40 శాతానికి తగ్గిస్తున్నాను, దాంతో చిన్న దూకు సుమారు 0.4 సెకన్లకు వస్తుంది.

ఈ 0.65, 0.4 అనే రెండు అంకెల మీదే మిగతా గేమ్ అంతా నిలబడబోతోంది.

ఆదివారం: “నేను నొక్కాను కదా!”

మేనల్లుడు వచ్చాడు, ఫోన్ చేతికిచ్చాను. ఏమీ చెప్పలేదు, పక్కన కూర్చుని చూశానంతే. మూడో కాలువ దగ్గర పడిపోయి ఫోన్ నా వైపు తిప్పి, “మావయ్యా, నేను నొక్కాను కదా! అది దూకలేదు” అన్నాడు.

వాడు నొక్కిన మాట నిజమే. గట్టు చివర దాటాక రెండు మూడు ఫ్రేమ్‌ల తర్వాత నొక్కాడు. అప్పటికి దూడ కాళ్ల కింద నేల లేదు కాబట్టి కోడ్ ఒప్పుకోలేదు. కోడ్ లెక్క ప్రకారం సరే, కానీ వాడి కంటికి దూడ ఇంకా గట్టు మీదే ఉంది. ఇలాంటి ఔట్ రెండుసార్లు జరిగితే తప్పు గేమ్‌దే అని ఆడేవాళ్లు తేల్చేసుకుంటారు. తన తప్పు వల్ల ఔటైనవాళ్లు మళ్లీ నొక్కుతారు. గేమ్ తప్పు వల్ల ఔటయ్యామనుకున్నవాళ్లు ఫోన్ పక్కన పెట్టేస్తారు. నాకు తెలిసినంతలో ఈ తరహా గేమ్‌కు జనం తిరిగి రావడం, రాకపోవడం అన్నది ఈ ఒక్క చోటే మొదలవుతుంది.

దీనికి ప్లాట్‌ఫామర్ గేమ్‌లు చేసేవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న మందు రెండు చిన్న గడువులు. ఒకటి, అంచు దాటాక కూడా కొద్దిసేపు దూకనివ్వడం. దీన్ని కయోటీ టైమ్ అంటారు. రెండోది, నేలను తాకడానికి కాస్త ముందే నొక్కినా ఆ నొక్కును గుర్తుపెట్టుకుని, తాకగానే దూకించడం. దీన్ని జంప్ బఫర్ అంటారు.

```gdscript
const COYOTE := 0.08
const BUFFER := 0.10

var coyote := 0.0
var buffer := 0.0

func check_jump(delta):
    coyote = COYOTE if is_on_floor() else coyote - delta
    if Input.is_action_just_pressed("tap"):
        buffer = BUFFER
    else:
        buffer -= delta
    if buffer > 0.0 and coyote > 0.0:
        velocity.y = -1000.0
        buffer = 0.0
        coyote = 0.0
```

చివర రెండింటినీ సున్నా చేయకపోతే ఒక్క నొక్కుకు రెండు దూకులు పడే ప్రమాదం ఉంది. దీన్ని `move_and_slide()` కంటే ముందు పిలవాలి.

కయోటీ గడువుకు ఒక హద్దు కూడా ఉంది. మొదటి వేగం సెకనుకు 400 పిక్సెళ్లు. ఆ వేగంలో 0.08 సెకన్లంటే 32 పిక్సెళ్లు, అంటే 70 పిక్సెళ్ల దూడలో సగం కూడా కాదు, ఎవరి కంటికీ ఆనదు. అదే 800 వేగంలో 64 పిక్సెళ్లవుతుంది. దూడ దాదాపు మొత్తం గాల్లోకి వచ్చేశాక అక్కడినుంచి దూకితే చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. అందుకని వేగం పెరిగేకొద్దీ ఈ గడువును 0.06 దాకా తగ్గిస్తున్నాను.

ఇంకో చిన్న విషయం. నొక్కడం కోసం స్క్రీన్ నిండా `Button` నోడ్ పెట్టకూడదు. అది మామూలుగా వేలు తీసినప్పుడు స్పందిస్తుంది, తాకినప్పుడు కాదు. దూకు ఆలస్యంగా వస్తోందని అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. ఇన్‌పుట్ మ్యాప్‌లో ఎడమ మౌస్ బటన్‌ను `tap` కింద పెడితే టచ్ కూడా దానిలోకే వస్తుంది.

మంగళవారం రాత్రి: కాలువ వెడల్పును సెకన్లలో కొలవడం

వేగం ఎంతదాకా పెంచాలన్నది ముందు తేల్చాను. స్క్రీన్ వెడల్పు 1280, దూడ ఎడమ అంచు నుంచి 256 దగ్గర ఉంటుంది. కాబట్టి ముందు కనిపించే దారి 1024 పిక్సెళ్లు. 400 వేగంలో అది రెండున్నర సెకన్ల చూపు. 800 దగ్గర 1.28 సెకన్లు. 1000 దగ్గర ఒక్క సెకను.

ఒక సెకను చాలదా అనిపిస్తుంది. కానీ దూడ గాల్లో 0.65 సెకన్లు ఉంటుంది, ఆ సేపు ఆడేవాళ్లు ఏమీ చేయలేరు. దూకే క్షణానికి స్క్రీన్ అవతల ఉన్న అడ్డంకి ఏదైనా నేలను తాకేసరికి బాగా దగ్గరకొచ్చేస్తుంది. 1000 వేగంలో అలా మిగిలేది 0.37 సెకన్లు. కనిపించిన దానికి వేలు కదలడానికే పావు సెకను దాకా పడుతుంది, చిన్న దూకా పెద్ద దూకా అని ఆలోచించాలంటే ఇంకా ఎక్కువ. 800 దగ్గర 0.63 సెకన్లు మిగులుతాయి. అందుకే హద్దు 800.

క్రోమ్ బ్రౌజర్‌లో నెట్ లేనప్పుడు వచ్చే డైనోసార్ గేమ్ సోర్స్‌కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది. తొలి రూపంలో వేగం 6తో మొదలై, ఫ్రేమ్‌కు 0.001 చొప్పున పెరుగుతూ 13 దగ్గర ఆగిపోతుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌లు అనుకుంటే హద్దు చేరడానికి రెండు నిమిషాలకు కాస్త తక్కువ. ఆ పెరుగుదల గీత గీసినట్టు సమానంగా ఉంటుంది. నాకు అలా వద్దనిపించింది. కొత్తవాళ్లు ఇరవై సెకన్లలోపే ఔటవుతారు, వేగం పెరుగుతోందన్న టెన్షన్ వాళ్లకు ఆ లోపే తెలియాలి. అందుకని మొదట త్వరగా పెరిగి, తర్వాత నెమ్మదించే లెక్క తీసుకున్నాను.

```gdscript
speed = 800.0 - 400.0 * exp(-t / 45.0)
```

ఇరవై సెకన్లకు వేగం 540 దాటుతుంది, ముప్పావు నిమిషానికి 650 దాటుతుంది, ఆ తర్వాత తేడా తెలియనంత మెల్లగా 800 వైపు పోతుంది.

అయితే వేగం మారుతుంటే కాలువ వెడల్పు ఎంత ఉండాలి? 200 పిక్సెళ్లని రాసేస్తే మొదట్లో కష్టంగా, చివర్లో ఆటగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ గేమ్ తేలికవడం అన్నమాట. కాబట్టి కాలువను పిక్సెళ్లలో కాకుండా సెకన్లలో రాస్తున్నాను. పెద్ద దూకు 0.65 సెకన్లు కాబట్టి అతి పెద్ద కాలువ అందులో 80 శాతం, అంటే 0.52 సెకన్లు. 400 వేగంలో అది 208 పిక్సెళ్లు, 800 వేగంలో 416. చిన్న కాలువ 0.3 సెకన్లు, దానికి చిన్న దూకు సరిపోతుంది. అడ్డంకుల మధ్య ఖాళీ కూడా ఇదే కొలతలో. డైనోసార్ గేమ్‌లోనూ రెండు ముళ్ల చెట్ల మధ్య కనీస దూరం వేగంతో పాటే పెరుగుతుంది, కారణం ఇదే.

గురువారం: ఎంపిక లేకపోతే ఆట లేదు

ఇప్పటిదాకా ఉన్నది సరిగ్గా పనిచేస్తోంది, కానీ విసుగ్గా ఉంది. కాలువ వస్తే దూకాలి, అంతే. ఆడేవాళ్లు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు.

2009లో ఆడమ్ సాల్ట్స్‌మన్ చేసిన కానబాల్ట్‌ను మళ్లీ ఆడి చూశాను. మేడల మీద పరుగు, ఒక్క బటన్. అందులో దారికి అడ్డంగా పెట్టెలు ఉంటాయి. వాటిని తగిలితే చావు లేదు, వేగం తగ్గుతుందంతే. తెలియనివాళ్లకు అవి అడ్డంకులు. కాస్త ఆడినవాళ్లకు అవే బ్రేకులు. వేగం చేయి దాటిపోతోందనిపిస్తే కావాలనే తగులుతారు. రెండో బటన్ అవసరం లేకుండానే వేగం మీద అదుపు వచ్చేసింది. ఈ ఆలోచన అంటే నాకు చాలా గౌరవం.

నా గేమ్‌లో ఆ పని గడ్డి కుప్పలకు ఇచ్చాను. కుప్పను తగిలితే దూడ నెమ్మదిస్తుంది. దాంతోపాటు ఇంకోటి కలిపాను. దారిలో బెల్లం ముక్కలు ఉంటాయి. వరుసగా అందుకుంటూ పోతే ఒక్కోదానికి పాయింట్లు పెరుగుతాయి, గడ్డి కుప్ప తగిలితే ఆ వరుస తెగిపోతుంది. అంటే నెమ్మదించడానికి ఒక ధర ఉంది.

బెల్లం ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. మొదట దూకు మధ్యలో, అందరికీ దొరికేచోట పెట్టి చూశాను. దానివల్ల ఏ నిర్ణయమూ రాదు, దారిలో పడ్డది ఏరుకోవడమే. తర్వాత కాలువ అవతలి గట్టు దాటాక, కాస్త ఎత్తులో పెట్టాను. తొందరగా దూకినవాళ్లు కాలువ దాటతారు కానీ అక్కడికి చేరేసరికి కిందికి దిగిపోయి ఉంటారు, బెల్లం పైనుంచి పోతుంది. గట్టు చివరిదాకా ఆగి దూకినవాళ్లకు మాత్రమే అది నోటికి అందుతుంది. అదే ఒక్క నొక్కు, కానీ ఇప్పుడు ప్రతి కాలువ దగ్గరా ‘ఇప్పుడా, ఇంకొంచెం ఆగాలా’ అన్న ప్రశ్న ఉంది. భయపడేవాళ్లకు భద్రమైన దారి ఉంది, ఆశపడేవాళ్లకు ప్రమాదం ఉంది. మేనల్లుడు బెల్లం కోసం ఆగి ఆగి కాలువలో పడ్డాడు. ఈసారి ఫోన్ నా వైపు తిప్పలేదు, “అబ్బా, ఆశకు పోయా” అనుకుని మళ్లీ నొక్కాడు.

శనివారం: ఔట్ తర్వాతి అర సెకను

ఔటయ్యాక సీన్ మొత్తాన్ని `reload_current_scene()` తో మళ్లీ లోడ్ చేస్తుంటే పాత ఫోన్‌లో స్పష్టంగా ఒక ఆగుడు కనిపించింది. ఇప్పుడు ఏదీ లోడ్ చేయడం లేదు. గట్లు, కుప్పలు అన్నీ ముందే తయారై ఉంటాయి, వాటిని మొదటి స్థానాలకు జరుపుతున్నానంతే. కొత్త పరుగు ఆ ఫ్రేమ్‌లోనే మొదలవుతుంది.

అలాగని మరీ వెంటనే మొదలైతే ఇంకో తలనొప్పి. కాలువలో పడుతున్న క్షణంలో కంగారుగా ఒకటికి రెండుసార్లు నొక్కుతారు. రెండో నొక్కు కొత్త పరుగును మొదలుపెట్టేస్తుంది, ఎందుకు ఔటయ్యామో చూడనే చూడరు. డైనోసార్ గేమ్ తొలి కోడ్‌లో ఔట్ తర్వాత ముప్పావు సెకను దాకా దూకు బటన్‌తో మళ్లీ మొదలుపెట్టనివ్వదు. నాకు 0.4 సెకన్లు చాలనిపించింది. ఆ సేపు బొమ్మ ఆగిపోతుంది, దూడ దూకిన చోట నేల మీద ఒక తెల్ల గీత కనిపిస్తుంది. గీత గట్టు అంచుకు ఎంత ముందుందో చూస్తే తొందరపడ్డారో లేదో తెలిసిపోతుంది. మాటల్లో ఏమీ రాయలేదు.

ఇంకో గుర్తు దారిలోనే పెట్టాను. అంతకుముందు మనం వెళ్లిన అతి దూరం దగ్గర గట్టు మీద ఒక ఎర్ర జెండా. ఔటయ్యాక అంకె చూపించడం కంటే పరుగు మధ్యలో జెండా కనిపించడం చాలా బలంగా పనిచేస్తోంది. దాని దగ్గరకొచ్చేసరికి అందరి వేళ్లూ బిగుసుకుంటున్నాయి. ఔట్‌కూ కొత్త పరుగుకూ మధ్య ప్రకటన మాత్రం పెట్టను. లూప్‌లో అన్నిటికంటే సున్నితమైన చోటు అదే.

సోమవారం: ఎక్కడ పడుతున్నారో చదవడం

ప్రతి ఔట్‌కూ ఒక వరుస రాసి పెడుతున్నాను. ఏ చంక్, అప్పటి వేగం, చివరి నొక్కు అంచుకు ఎంత ముందు లేదా వెనక. చంక్ అంటే నేను చేత్తో పేర్చిన చిన్న దారి ముక్క. గేమ్ వాటిని కలిపి దారి చేస్తుంది.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఆడిన వరుసలు చూస్తేనే తేడాలు తెలిసిపోయాయి. నొక్కే లేకుండా పడ్డారంటే కాలువ కంటికి కనిపించలేదన్నమాట. అక్కడ రంగు మార్చాలి, లేదా ముందున్న కంచె ఎత్తు తగ్గించాలి. అంచు దాటిన వెంటనే నొక్కారంటే ఆలస్యం, అది వాళ్ల ఆట. అంచుకు బాగా ముందు నొక్కి పడ్డారంటే మాత్రం ఆలోచించాలి. ముందు చంక్‌లోని కంచె దాటి నేలను తాకగానే వెంటనే దూకాల్సి వస్తోందేమో చూడాలి. కంచెతో ముగిసే చంక్ తర్వాత కాలువతో మొదలయ్యే చంక్ వచ్చినప్పుడు అదే జరుగుతోంది. విడివిడిగా రెండూ బాగున్నాయి, అతుకు దగ్గరే తేడా. ఇప్పుడు ప్రతి చంక్ మొదట అర సెకను నేల తప్పనిసరి.

బుధవారం: రేపు మళ్లీ రావడానికి

ఒకే రోజులో పదేపదే ఆడించడం వేరు, మర్నాడు తెరిపించడం వేరు. 2011 నాటి జెట్‌ప్యాక్ జాయ్‌రైడ్ ఎప్పుడూ మూడు చిన్న పనులు ముందు పెడుతుంది, 2015 నాటి ఆల్టోస్ అడ్వెంచర్‌లోనూ మూడేసి లక్ష్యాలు ఉంటాయి. నేను మాత్రం ‘ఈరోజు గట్టు’ ఒక్కటే పెట్టాలనుకున్నాను. తేదీని బట్టి చంక్‌ల వరుస మారుతుంది, ఆ రోజు అందరికీ అదే దారి.

తేదీని 20250114 లాంటి అంకెగా మార్చి దాన్నే ర్యాండమ్ జనరేటర్‌కు సీడ్‌గా, అంటే మొదటి అంకెగా ఇస్తున్నాను. తేదీ యూటీసీ ప్రకారం, ఎందుకంటే గుంటూరులో ఉన్న అక్కా డాలస్‌లో ఉన్న తమ్ముడూ ఒకే దారి మీద పోటీపడాలి. కొత్త దారి మనకు ఉదయం ఐదున్నరకు వస్తుంది. దుమ్ము, ఆకులు లాంటి అలంకారాలకు వేరే ర్యాండమ్ జనరేటర్ వాడాలి. రెండూ ఒకదాన్నే వాడితే ఒకరి ఫోన్‌లో ఒక ఆకు ఎక్కువ రాలినా దారి మారిపోతుంది.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. కాలువ వెడల్పు అప్పటి వేగాన్ని బట్టి లెక్కేస్తున్నాను. ఒకరు గడ్డి కుప్ప తగిలి నెమ్మదించారు, ఇంకొకరు తగల్లేదు. ఇద్దరికీ వేర్వేరు కాలువలు వస్తాయి. ఒకే దారి అన్న మాటకు అర్థం లేదు. కాబట్టి ‘ఈరోజు గట్టు’లో కాలువల లెక్కకు నిజమైన వేగం కాకుండా చంక్ వరుస సంఖ్యను బట్టి ఉండాల్సిన వేగం వాడాలి. దూడ పరుగెత్తే మామూలు వేగం కూడా అక్కడ అదే, కుప్ప దాన్ని కాసేపు తగ్గిస్తుందంతే.

అలా మార్చగానే రెండో చిక్కు. కుప్ప తగిలితే వేగం 75 శాతానికి పడేలా పెట్టి ఉంది. ఆ వేగంతో 0.65 సెకన్ల దూకు మామూలు వేగం లెక్కలో 0.49 సెకన్ల దూరమే. కాలువ 0.52. దాటడం అసాధ్యం! కయోటీ గడువు కొన్నిసార్లు కాపాడుతుంది, కానీ దాని మీద ఆధారపడి దారి వేయకూడదు. వేగం 85 శాతానికే పడేలా చేస్తే 0.55 సెకన్లు వస్తుంది, కాలువ కంటే ఎక్కువే. కానీ అంత తక్కువ తగ్గితే బ్రేకు వేసిన భావన పోతుంది. అందుకని 75 శాతమే ఉంచి, వేగం 1.2 సెకన్లలో తిరిగి వచ్చేలా చేసి, కుప్ప తర్వాత ఆ 1.2 సెకన్లలోపు 0.4 సెకన్లకు మించిన కాలువ ఏదీ రాకూడదని నియమం పెట్టాను. 0.49 సెకన్ల దూకుకు 0.4 సెకన్ల కాలువ అంటే మళ్లీ ఇంచుమించు అదే 80 శాతం.

ఈ నియమాన్ని కంటితో సరిచూసుకోవడం కుదరదు. చంక్‌లన్నింటినీ ఒకదాని పక్కన ఒకటి అన్ని జతలుగా పెట్టి, కుప్పకూ తర్వాతి కాలువకూ మధ్య సమయం కొలిచే చిన్న స్క్రిప్ట్ రాశాను. తప్పిన జత ఉంటే చంక్‌ల పేర్లు చెప్తుంది. మొదటిసారి నడిపితే కుప్పతో ముగిసే చంక్‌లే ఎక్కువ దొరికాయి. వాటన్నింటిలో కుప్పను మధ్యకు జరిపాను.

శుక్రవారం

‘ఈరోజు గట్టు’ను ఎన్నిసార్లయినా ఆడనివ్వాలా, ఒక్కసారేనా అన్నది తేలింది. ఒక్కసారే అంటే మొదటి కాలువలో పడినవాళ్లకు ఆ రోజు అయిపోయినట్టే, లూప్ తెగిపోతుంది. కాబట్టి ఎన్నిసార్లయినా ఆడొచ్చు. పంచుకునే స్కోరు మాత్రం ఆ రోజు వెళ్లిన అతి దూరం. రాత్రి దాకా దారి బట్టీ పట్టి గెలిచినా నాకు అభ్యంతరం లేదు, మర్నాడు ఉదయం ఐదున్నరకు అందరూ మళ్లీ కొత్తవాళ్లే.

వచ్చే వారం పని: ఫోన్ గడియారం వెనక్కి తిప్పి నిన్నటి దారి ఆడేవాళ్ల స్కోరు కలవకుండా చూడటం, ఆ తర్వాత డబ్బాల స్థానంలో నిజమైన దూడ. నాలుగు కాళ్ల పరుగుకు ఎనిమిది ఫ్రేమ్‌లు గీయాలి, ముందు కాళ్లు నేలను తాకే ఫ్రేమ్ కచ్చితంగా డబ్బా ముందు అంచుతో కలవాలి. లేకపోతే అంచు ఎక్కడుందో కంటికి మళ్లీ తప్పుగా కనిపిస్తుంది.